రిపోర్టుకీ లెడ్జరుకీ 2,520 తేడా: చిన్నదే కదా అని వదిలేస్తే ఏమవుద్దంటే

నెలాఖరుకి రిపోర్టు టోటల్ ఒకటి వస్తది, టాలీ సాఫ్ట్‌వేర్‌లో లెడ్జర్ ఇంకోటి చూపిస్తది, మధ్యలో ఓ రెండు వేల చిల్లర తేడా. అకౌంట్స్ పనిలో ఉన్నవాళ్ళెవరికైనా ఈ బాధ తెలుసు. పెద్ద తేడా అయితే భయమేసి అందరూ కూర్చుని వెతుకుతారు, చిన్నదైతే మాత్రం "రౌండ్ ఆఫ్‌లో పెట్టేయవయ్యా" అంటారు. నా లెక్కలో చిన్న తేడానే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది ఒక చిన్న తప్పు అయ్యుండొచ్చు, లేదా రెండు మూడు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి మింగేయగా మిగిలిన ముక్క అయ్యుండొచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

భీమవరం వైపు ఒక రొయ్యల మేత షాపు లెక్క చెప్తాను, పేరొద్దు, అంకెలు కూడా అర్థమవ్వడానికి వీలుగా కాస్త మార్చాను. వీళ్ళకి బిల్లులన్నీ టాలీలో ఎక్కుతాయి. దాంతోపాటు గుమాస్తా ఎక్సెల్‌లో ఇంకో రిపోర్టు వేస్తాడు, ఉండి, ఆకివీడు, కాళ్ళ, వీరవాసరం అని రూట్ల వారీగా, ఎందుకంటే ఏ రూటుకి ఎంత మేత వెళ్ళిందో చూసి కుర్రాళ్ళకి ఇన్సెంటివ్ ఇస్తారు, టాలీలో ఆ రూట్ల విభజన పెట్టుకోలేదు. రైతు మేత అరువుకి తీసుకెళ్ళి, చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక కడతాడు కాబట్టి బిల్లులో తప్పు పడితే మూడు నాలుగు నెలల దాకా ఎవరికీ తెలీదు, ఇది గుర్తుపెట్టుకోండి.

జనవరి నెల రిపోర్టు టోటల్ 86,39,795. టాలీలో సేల్స్ లెడ్జర్ క్లోజింగ్ 85,80,140. రిపోర్టే 59,655 ఎక్కువ. ఇక్కడే చాలామంది బిల్లులు ముందేసుకుని టిక్కులు పెట్టడం మొదలెడతారు. ఆగాలండి. ముందు అడగాల్సింది ఈ రెండు అంకెలూ అసలు ఒకే విషయం గురించి మాట్లాడుతున్నాయా అని. అదే నెలేనా, బిల్లు తారీఖు ప్రకారమా ఎంట్రీ తారీఖు ప్రకారమా, జీఎస్టీ కలిపా కలపకుండానా, ట్రాన్స్‌పోర్టు ఛార్జీలు అందులో ఉన్నాయా, రిటర్నులు తీసేశారా. ఈ షాపులో చూస్తే రైతులు వెనక్కిచ్చిన బస్తాలకి క్రెడిట్ నోట్ వేసి అదే సేల్స్ లెడ్జర్‌లో డెబిట్ వైపు పడేస్తున్నారు, రిపోర్టులో మాత్రం అమ్మిన బిల్లులే ఉన్నాయి, రిటర్నులు లేవు. ఆ డెబిట్లు 62,175. అంటే పోల్చాల్సింది క్లోజింగ్ బ్యాలెన్స్‌తో కాదు, అమ్మిన బిల్లులు పడే క్రెడిట్ వైపు మొత్తంతో, అది 86,42,315. ఇప్పుడు చూస్తే రిపోర్టు ఎక్కువ కాదు, 2,520 తక్కువ. ఒక్క బిల్లు కూడా తెరవకుండానే తేడా సైజు మారిపోయింది, దిక్కు కూడా మారిపోయింది. ముందే బిల్లులు వెతికుంటే ఎక్కువ వేసిన బిల్లు కోసం ఒక పూటంతా పోయేది.

ఇంకోటి, రెండువైపులా ఫ్రీజ్ చేయాలి. టాలీ నుంచి సేల్స్ వోచర్లు ఎక్సెల్‌కి తీసి ఎన్ని గంటలకి తీశారో ఆ షీట్లోనే రాసి పెట్టండి, రిపోర్టుకి కూడా ఒక కాపీ తీసుకుని కాపీ మీదే పని చేయండి. మీరు వెతుకుతుంటే పక్క సిస్టంలో ఇంకెవరో జనవరి తారీఖుతో పాత బిల్లు ఎక్కించారనుకోండి, మీ తేడా మీ కళ్ళముందే మారిపోద్ది, మీరేమో మీ లెక్కే తప్పనుకుని మొదటికి వెళ్తారు.

సరే, 2,520. గుమాస్తా ఏం చేశాడంటే, అందరూ చేసే పనే, టాలీలో 2,520 అని సెర్చ్ కొట్టాడు. దొరికింది! 19వ తారీఖున మందుల బిల్లు ఒకటి, సరిగ్గా 2,520. రిపోర్టులో ఆ రైతు పేరుతో వెతికితే కనపడలేదు, వెంటనే ఒక లైను కలిపాడు, టోటల్ టాలీ అయిపోయింది, ఓనర్ గారు సంతకం పెట్టేశారు. తర్వాత ఆకివీడు రూటు కుర్రాడు తన నోట్‌బుక్ పట్టుకొచ్చి "నా రూట్లో తక్కువ చూపించారేంటండీ, ఇన్సెంటివ్ తగ్గింది" అన్నాక ఫైలు మళ్ళీ తెరిచారు, అప్పుడే అది నా దగ్గరికొచ్చింది. ఆ 2,520 బిల్లు రిపోర్టులో ముందునుంచీ ఉంది. టాలీలో పేరు ముందుంది, ఎక్సెల్‌లో ఇంటిపేరు ముందుంది, అంతే సంగతి. అంటే టోటల్ కలిసింది నిజమే, ఒక దొంగ లైను కలపడం వల్ల కలిసింది. ఆ లైను తీసేసి మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాం.

తేడాతో సమానమైన బిల్లు దొరికితే అది ఆధారం కాదండి, అనుమానం మాత్రమే. నాలుగొందల బిల్లుల్లో ఏదో ఒకటి ఆ అంకెతో ఉండటం వింతేం కాదు. అది ఒకవైపు ఉండి రెండోవైపు లేదని బిల్లు నంబరుతో చూస్తేనే లెక్క, పేరుతో చూస్తే మన ఊళ్ళల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నోళ్ళు వీధికి నలుగురుంటారు.

తర్వాత నేను చూసేది డబ్బు కాదు, ఎన్ని బిల్లులున్నాయి అని. టాలీలో 412 వోచర్లు. రిపోర్టులో కూడా లెక్కెట్టాలి, కానీ ఎక్సెల్‌లో లెక్కపెట్టడానికి రెండు ఫార్ములాలున్నాయి, ఇక్కడ తేడా తెలియాలి. రిపోర్టులో అమౌంట్లు E కాలమ్‌లో ఉన్నాయి.

```
=COUNT(E2:E414)
=COUNTA(E2:E414)
```

మొదటిది అంకెలున్న గడులే లెక్కపెడుతుంది. రెండోది ఖాళీ కానివన్నీ లెక్కపెడుతుంది. మొదటిది కొడితే 412 వచ్చింది, టాలీతో సరిగ్గా సరిపోయింది, చూసినోడెవడైనా బిల్లులన్నీ వచ్చేసినట్టే అనుకుంటాడు. రెండోది కొడితే 413. అంటే ఎక్సెల్ అంకెగా గుర్తించని గడి ఒకటుంది, పైగా వరసలు కూడా టాలీ కన్నా ఒకటి ఎక్కువున్నాయి. ఒకటి పోయింది, ఒకటి ఎక్కువొచ్చింది, రెండూ కలిసి 412 దగ్గర సర్దుకున్నాయి. డబ్బులోనే కాదు, సంఖ్యలో కూడా తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయన్నమాట.

ఇక తేడా ఎక్కడుందో చూడ్డం. దీనికి సగం సగం చేసుకుంటూ వెళ్ళే పద్ధతి ఉంది, 1 నుంచి 15 వరకు ఒక టోటల్, 16 నుంచి 31 వరకు ఒక టోటల్, రెండువైపులా. ఇక్కడ మొదటి సగంలో రిపోర్టు 4,320 తక్కువ, రెండో సగంలో 1,800 ఎక్కువ. రెండూ కూడితే మన 2,520 వస్తది. ఇది చూడగానే తెలిసిపోవాల్సింది ఏంటంటే తప్పు ఒకటి కాదు, కనీసం రెండు, పైగా ఎదురెదురు దిక్కుల్లో. అందుకే నేను సగాల దగ్గర ఆగను, రోజువారీ టోటల్స్‌కి వెళ్ళిపోతాను. సగం చేసే పద్ధతి మంచిదే కానీ, ఒక సగంలో తేడా సున్నా వస్తే అది శుభ్రంగా ఉందనుకుని పక్కన పెట్టేస్తాం, అందులోనే ప్లస్సూ మైనస్సూ సమానంగా కూర్చుని ఉండొచ్చు. చేత్తో కూడుకునే రోజుల్లో పని తగ్గించుకోవడానికి అలా చేసేవారు, ఇప్పుడు 31 రోజులకీ ఒకేసారి టోటల్ వేయడం ఎక్సెల్‌లో ఒక్క SUMIFS ఫార్ములా పని, కక్కుర్తి పడక్కర్లేదు.

31 రోజుల్లో 28 రోజులు సున్నా వచ్చాయి. మూడు రోజులే తేడా.

6వ తారీఖు: లెడ్జర్ 3,04,820, రిపోర్టు 2,86,220, అంటే 18,600 తక్కువ.
13వ తారీఖు: లెడ్జర్ 4,88,640, రిపోర్టు 5,02,920, అంటే 14,280 ఎక్కువ.
24వ తారీఖు: లెడ్జర్ 2,71,350, రిపోర్టు 2,73,150, అంటే 1,800 ఎక్కువ.

2,520 అనుకుని వెతుకుతున్నది చూస్తే పద్దెనిమిది వేలు, పద్నాలుగు వేలు. చిన్న తేడా అంటే చిన్న తప్పు కాదని మొదట్లో అన్నది ఇందుకే.

ఇప్పుడు ఒక్కో రోజూ తెరుద్దాం. 6న 18,600 అని టాలీలో చూస్తే ఆకివీడు రైతు బిల్లు ఒకటుంది. రిపోర్టులో కూడా ఉంది, కళ్ళకి కనపడుతుంది, అందుకే టిక్కులు పెట్టినప్పుడు ఎవరికీ దొరకలేదు. గుమాస్తా ఆ గడిలో `18600/-` అని కొట్టాడు. బిల్లు పుస్తకంలో రాసే అలవాటు, చేయి అలా వెళ్ళిపోయింది. మనకి అది పద్దెనిమిది వేల ఆరొందలు, ఎక్సెల్‌కి అది అక్షరాలు. SUM అక్షరాల్ని చప్పుడు చేయకుండా వదిలేస్తది, ఎర్రర్ ఇవ్వదు, అదే ప్లస్ గుర్తు పెట్టి కూడితే అయినా #VALUE! అని అరిచేది. వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు అంకె వెనక కనపడని ఖాళీ అంటుకుని వచ్చినా ఇదే జరుగుద్ది. ఆ కాలమ్‌కి అలైన్‌మెంట్ తీసేసి చూడండి, అంకెలు కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి జరుగుతాయి, ఎడమకి అతుక్కున్నదే మీ దొంగ. ఎవరో అందంగా ఉంటదని కాలమంతా సెంటర్ చేసి పెడితే ఈ సూచన కూడా పోద్ది, నాకు సెంటర్ చేసిన అంకెల కాలమ్ చూస్తే ఒళ్ళు మండుద్ది.

13 అంటే భోగి హడావిడి. మూడు రోజులు షాపు తీయరని, ఈలోగా చెరువుకి మేత అయిపోద్దని, రైతులందరూ ఒకేసారి వచ్చి పడ్డారు. కాళ్ళ రూట్లో 14,280 బిల్లు ఒకే నంబరుతో రెండు వరసల్లో ఉంది, వ్యాన్ వెళ్ళేముందు ఒకసారి ఎక్కించారు, వ్యాన్ తిరిగొచ్చాక చలాన్ చూసి ఇంకోసారి ఎక్కించారు. డూప్లికేట్ అనుమానం ఉంటే బిల్లు నంబరు మీద COUNTIF కొట్టి ఒకటికి మించి వచ్చినవి చూస్తే చాలు. ఇది VLOOKUPతో మాత్రం దొరకదు, ఎందుకంటే అది మొదట కనపడిన వరస దగ్గరే ఆగిపోద్ది, రెండో వరస ఉందో లేదో దానికి పట్టదు, అమౌంట్ కలిసింది కాబట్టి ఓకే అనేస్తది.

24వ తారీఖుది కాస్త సరదాగా ఉంటది. ఆ రోజు బిల్లులు 13, రెండువైపులా 13, డూప్లికేట్ లేదు, అక్షరాలు లేవు, 1,800 అనే బిల్లూ లేదు. ఇలాంటప్పుడు రెండు పాత లెక్కలున్నాయి. ఒకటి, తేడాని రెండుతో భాగించడం. క్రెడిట్‌లో పడాల్సింది డెబిట్‌లో పడితే, లేదా ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెడితే, తేడా అసలు అమౌంట్‌కి రెట్టింపు వస్తది. 900 బిల్లేదైనా ఉందా అంటే లేదు. రెండోది, తొమ్మిదితో భాగించడం. 1,800ని తొమ్మిదితో భాగిస్తే 200, శేషం లేదు. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది, ఎందుకంటే పదుల స్థానంలో ఉండాల్సింది ఒకట్ల స్థానానికొస్తే పదిలో ఒకటి పోగా తొమ్మిది రెట్లు తగ్గుద్ది, వందలూ వేలకి కూడా ఇదే వరస.

తొమ్మిదితో పోయింది అనడంతో ఆపేయకండి, అది ఇంకా చెప్తది. 1,800 అంటే 900 రెట్లు 2. 900 వచ్చిందంటే తారుమారైంది వేల అంకె, వందల అంకె. 2 వచ్చిందంటే ఆ రెండంకెల మధ్య తేడా రెండు. రిపోర్టు ఎక్కువుంది కాబట్టి రిపోర్టులో పెద్దంకె ముందుకొచ్చింది. ఇప్పుడు 13 బిల్లులూ చదవక్కర్లేదు, లెడ్జర్లో వేల అంకె కన్నా వందల అంకె సరిగ్గా రెండు ఎక్కువున్న బిల్లు ఏదో చూస్తే చాలు. ఒక్కటే ఉంది, 14,600. రిపోర్టులో అదే నంబరు ఎదురుగా 16,400.

అయితే ఈ తొమ్మిది లెక్కని నెత్తిన పెట్టుకోవద్దు. ఏ అంకె తీసుకున్నా తొమ్మిదింట్లో ఒకటి ఊరికే తొమ్మిదితో పోతుంది. మన మొదటి తేడా 2,520 కూడా తొమ్మిదితో పోతుంది, 280 వస్తది, కానీ అందులో తారుమారు కథ పావు వంతు కూడా లేదు. సున్నా ఒకటి తగ్గి 1,500 బదులు 150 పడినా తేడా 1,350, అదీ తొమ్మిదితో పోతుంది. తప్పు ఒకే ఒక్కటి అని నమ్మకం కుదిరాక, అంటే ఒక రోజుకో ఒక రైతు ఖాతాకో కుదించుకున్నాక వాడితేనే ఈ లెక్కకి విలువ, మొత్తం టోటల్ మీద వాడితే సోది చెప్పించుకున్నట్టే.

రోజుల దారి కాకుండా నేరుగా బిల్లుల వారీగా కూడా వెళ్ళొచ్చు, నాలుగొందల బిల్లులే కదా. రెండువైపుల బిల్లు నంబర్లనీ ఒకే కాలమ్‌లో కింద కింద పేస్ట్ చేసి, రిమూవ్ డూప్లికేట్స్ కొట్టి, ఒక్కో నంబరుకీ రిపోర్టు అమౌంట్‌లోంచి లెడ్జర్ అమౌంట్ ఇలా తీసేయాలి, బిల్లు నంబర్లు అన్ని షీట్లలోనూ A కాలమ్‌లో, అమౌంట్ రిపోర్టులో E, లెడ్జర్లో C కాలమ్‌లో ఉన్నాయనుకుని:

```
=SUMIFS(Report!E:E,Report!A:A,A2)-SUMIFS(Ledger!C:C,Ledger!A:A,A2)
```

సున్నా కానివి ఫిల్టర్ చేస్తే మన మూడూ ఒకేసారి బయటపడతాయి, `/-` ఉన్నది కూడా, ఎందుకంటే SUMIFSకి కూడా అది సున్నానే. రెండువైపుల నంబర్లూ కలపమన్నది ఎందుకంటే, లెడ్జర్ నంబర్లు మాత్రమే పెట్టుకుని వెతికితే రిపోర్టులో మాత్రమే ఉన్న బిల్లు ఎప్పటికీ దొరకదు, ఆ వరసే ఉండదు కదా. మరి ముందే ఇది చేయొచ్చుగా, రోజుల గోల ఎందుకు అంటారా. బిల్లు నంబర్లు రెండువైపులా ఒకేలా ఉంటే చేయొచ్చు. మన దగ్గర టాలీలో `BVM/0147` ఉంటది, ఎక్సెల్‌లో ఒకడు `147` అంటాడు, ఇంకోడు `BVM-147` అంటాడు, అప్పుడు ఈ ఫార్ములా నాలుగొందల వరసల్లో రెండొందలు తేడాగా చూపించి చేతులెత్తేస్తది. తారీఖు అలా కాదు, చాలావరకు రెండువైపులా ఒకేలా ఉంటది, అందుకని తారీఖుతో ప్రదేశం కుదించుకుని ఆ మూడు రోజుల్లో నంబర్లు చేత్తో సరిచేసుకోవడం తేలిక. తారీఖే తప్పు పడితే, అంటే 31 జనవరి బిల్లు టాలీలో 1 ఫిబ్రవరికి పడితే, జనవరిలో ఎంత ఎక్కువో ఫిబ్రవరిలో అంతే తక్కువ కనపడుద్ది, పక్క నెల కూడా పక్కన పెట్టుకుంటే ఇట్టే తెలిసిపోద్ది.

పైసల సంగతి ఒక్క మాట. "అదంతా రౌండింగ్ అండీ" అనే మాటకి ఒక హద్దు ఉంది. ఒక బిల్లుని దగ్గరి రూపాయికి సర్దితే గరిష్టంగా 50 పైసలు మారుద్ది. 412 బిల్లులూ ఒకే దిక్కున అంతా మారినా 206 రూపాయలు, నిజంగా అయితే సగం పైకీ సగం కిందకీ పోయి పదో ఇరవయ్యో మిగులుద్ది. కాబట్టి 2,520ని రౌండింగ్ అని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఎక్కడ ఆపాలి? దొరికిన తప్పులు గుర్తులతో సహా కూడితే మొదటి తేడా రూపాయితో సహా రావాలి. ఇక్కడ మైనస్ 18,600, ప్లస్ 14,280, ప్లస్ 1,800, కలిపితే మైనస్ 2,520. వచ్చింది, ఆపాం. ఇది రాకుండా "దాదాపు వచ్చేసింది, ఇంకో నలభై రూపాయలే" అంటే ఇంకా ఎన్ని ఉన్నాయో తెలీదనే అర్థం. లెక్క తేలని మొత్తాలు పెట్టే సస్పెన్స్ ఖాతాలో పడేసి మూసేస్తే ఆ నలభై వెనక ఏముందో వచ్చే పట్టుబడికి రైతు వచ్చి చెప్తాడు.

ఇంకొకటి మిగిలింది, ఏ వైపు సరిచేయాలి అన్నది. లెడ్జర్ అసలైన పుస్తకం కాబట్టి అదే కరెక్ట్ అని రిపోర్టు మార్చేయడం అందరి అలవాటు, కానీ 14,600, 16,400 లో ఏది నిజమో రెండు స్క్రీన్లు చూసి చెప్పలేం, రెండూ మనుషులు కొట్టినవే. మూడో కాగితం తీయాలి, అంటే బిల్లు పుస్తకంలో కార్బన్ కాపీ. దాంట్లో బస్తాల సంఖ్య ఇంటూ రేటు వేస్తే 14,600 వచ్చింది, కాబట్టి రిపోర్టే మార్చాం. 16,400 వచ్చుంటే టాలీలో మార్చాల్సొచ్చేది, ఆ రైతు ఖాతాలో బాకీ కూడా 1,800 పెరిగేది, ఆయనకి ముందే స్టేట్‌మెంట్ పంపేసుంటే ఫోన్ చేసి చెప్పుకోవాల్సొచ్చేది. 14,280కి చలాన్ ఒక్కటే ఉంది, స్టాకు కూడా ఒక్కసారే తగ్గింది, రెండో వరస తీసేశాం. ఆకివీడు కుర్రాడికి 18,600 మీద రావాల్సిన ఇన్సెంటివ్ కలిపారు. కాళ్ళ రూటు కుర్రాడికి ఎక్కువిచ్చింది వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఓనర్ గారికే వదిలేశాం, అది లెక్కల్లో తేలేది కాదు.